కాదన్నందుకు బదిలీ: ప్రభుత్వ రంగ ఆఫీసుల్లో పనిచేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు, విజయవాడల్లోని ప్రభుత్వ బ్యాంకులు, బీమా ఆఫీసులు, కేంద్ర సంస్థల్లో పనిచేసేవాళ్లు పైఅధికారి చెప్పిన తప్పు పనిని కాదన్నందుకు బదిలీ పడితే మా అసోసియేషన్ గదికి వచ్చి అడిగే ప్రశ్నలు ఇవి. అన్నిటినీ గాల్లో చెప్పకుండా ఒక్క ఉదాహరణ పట్టుకుని చెబుతాను. ఇది ఒకరి కథ కాదు, పలువురి అనుభవాలు కలిపి అల్లింది.

గుంటూరులో ఒక బ్యాంకు బ్రాంచి. మేనేజరు స్కేల్ 3 ఆఫీసరు, వచ్చి 14 నెలలైంది. మార్చి 28 మధ్యాహ్నం పైఆఫీసు నుంచి ఫోన్: ఒక మిర్చి వ్యాపారికి, సరుకు నిల్వ ఉందని కోల్డ్ స్టోరేజీ రాసిచ్చిన బాండు మీద 1.2 కోట్ల లోను ఈరోజే వదలాలి, ఇయర్ ఎండింగ్ టార్గెట్ ఉంది. బాండులో 4,000 టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. మేనేజరు ముందురోజే వెళ్లి చూస్తే లెక్కకు వచ్చింది 2,600. పైగా సరుకు బ్యాంకు తాకట్టులో ఉందని ఒప్పుకుంటూ స్టోరేజీవాళ్లు ఇవ్వాల్సిన లెటరు కూడా రాలేదు. మేనేజరు కుదరదన్నారు. ఏప్రిల్ 17న ఆయన ఒక్కరి పేరుతో బదిలీ ఉత్తర్వు వచ్చింది. వేరే రాష్ట్రంలో, మామూలుగా ఆఫీసర్లలో అన్నిటికంటే కింది మెట్టు అయిన స్కేల్ 1 ఆఫీసరు నడిపే చిన్న బ్రాంచికి. అదే సాయంత్రం రిలీవ్ చేశారు.

ఉత్తర్వులో ‘పరిపాలనా అవసరాల దృష్ట్యా’ అనే ఉంది. ఇది శిక్ష అని ఎలా చెప్పగలం?

ఉత్తర్వులో ఎప్పుడూ అదే ఉంటుంది. శిక్ష అని ఎవరూ రాయరు కదా. కాబట్టి ఉత్తర్వులోని మాటలు వదిలేసి, దాని చుట్టూ ఏం జరిగిందో చూడాలి.

మన మేనేజరు విషయంలో ముందు కనిపించేది తేదీల వరుస. మార్చి 28న కాదన్నారు, ఏప్రిల్ 17న ఉత్తర్వు. నెల కూడా తిరగలేదు. రెండోది, ఆ బ్యాంకులో సాధారణ బదిలీల జాబితా మేలో వస్తుంది, ఈయన పేరు మాత్రం విడిగా ముందే వచ్చింది. మూడోది, మామూలుగా మూడేళ్లు ఉంచే చోట ఈయనను 14 నెలలకే కదిపారు. నాలుగోది, నా అనుభవంలో అన్నిటికంటే బరువైనది: వెళ్లేచోట ఈయన స్థాయికి తగ్గ కుర్చీ లేదు. పరిపాలనా అవసరం ఉండి పంపితే, ఆ అవసరం అవతలి చోట కనిపించాలి. స్కేల్ 1 వాళ్లు నడిపే బ్రాంచికి స్కేల్ 3 ఆఫీసరు ఎందుకు కావలసివచ్చారో సమాధానం చెప్పడం యాజమాన్యానికి కష్టం.

ఐదోది చాలామంది గమనించరు. మీ కుర్చీలోకి ఎవరినైనా వేశారా? వేయకుండా, బ్రాంచిని పక్కవాళ్లకు ఇన్‌చార్జిగా అప్పగించి మిమ్మల్ని ఆ సాయంత్రమే పంపేశారంటే, మిమ్మల్ని అక్కడి నుంచి లేపడమే వాళ్ల అవసరమని అర్థం.

వీటిలో ఏ ఒక్కటీ దానంతటది చాలదు. 14 నెలలకే బదిలీ చేయడం తప్పు కాదు. మూడునాలుగు కలిసి ఒకే దిక్కు చూపిస్తేనే కోర్టు చెవి ఒగ్గుతుంది.

అసలు యాజమాన్యానికి ఎక్కడికైనా పంపే హక్కు ఉంది కదా?

ఉంది. ప్రభుత్వ బ్యాంకుల ఆఫీసర్ల సర్వీసు నిబంధనల్లో, దేశంలో ఏ బ్రాంచికైనా బదిలీకి లోబడి ఉండాలని స్పష్టంగా రాసి ఉంటుంది. కేంద్ర ఉద్యోగుల సంగతీ అంతే. బదిలీ పాలసీలో మూడేళ్లు అని ఉన్నంత మాత్రాన అది మీ హక్కు అయిపోదు. మార్గదర్శకాలు ఉల్లంఘించారన్న ఒక్క కారణంతో బదిలీ చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 1993లో ఎస్.ఎల్. అబ్బాస్ కేసులో చెప్పింది. భార్యాభర్తలు ఒకేచోట, పిల్లల చదువు, తల్లిదండ్రుల ఆరోగ్యం, ఇవన్నీ యాజమాన్యాన్ని అడుక్కోవడానికి పనికొస్తాయి, కోర్టులో గెలవడానికి కాదు.

కోర్టు జోక్యం చేసుకునే సందర్భాలు స్థూలంగా మూడు: చట్టబద్ధమైన నిబంధనను మీరడం, అధికారం లేనివాళ్లు ఉత్తర్వు ఇవ్వడం, దురుద్దేశం. మన మేనేజరు కేసు మూడోది.

పైఅధికారి నోటిమాటగా చెప్పారు, నేను కాదన్నాను. ఆ రోజే ఏం చేసి ఉండాలి?

మొత్తం కేసు ఇక్కడే నిలబడుతుంది లేదా కూలుతుంది. బదిలీ ఉత్తర్వు వచ్చాక రాసే కాగితాలకు విలువ తక్కువ. బదిలీ పడ్డాక కథ అల్లుకున్నాడని సులువుగా అంటారు. ఉత్తర్వుకు ముందు తేదీతో ఉన్న ఒక్క ఈమెయిల్, తర్వాత రాసిన ఇరవై పేజీలకంటే మేలు.

పైఅధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలని, నోటిమాట తప్పనిసరైతే వెంటనే రాతలో ధ్రువీకరించాలని కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నిబంధనల్లో (1964, రూల్ 3) ఉంది. నోటిమాట అందుకున్న ఉద్యోగి వీలైనంత త్వరగా రాతపూర్వక ధ్రువీకరణ అడగాలని కూడా అక్కడే ఉంది. బ్యాంకు ఆఫీసర్ల 1976 నాటి ప్రవర్తనా నిబంధనల్లోనూ, నోటి ఆదేశాన్ని వెంటనే రాసి ఇవ్వాలన్న మాట ఉంది. 2013లో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సుప్రీంకోర్టు సివిల్ సర్వెంట్ల విషయంలో ఇదే సంగతి గట్టిగా చెప్పింది. అంటే రాసివ్వమని అడగడం ఎదురుతిరగడం కాదు, మీ విధి.

మన మేనేజరు ఆ సాయంత్రం ఆఫీసు మెయిల్ నుంచి పంపింది ఇంగ్లిష్‌లో ఉన్నా, సారాంశం ఇది:

“ఈ మధ్యాహ్నం మీరు ఫోన్‌లో ఫలానా ఖాతాకు లోను ఈరోజే విడుదల చేయమన్నారు. నిన్నటి తనిఖీలో బాండులోని 4,000కు గాను 2,600 టిక్కీలు మాత్రమే లెక్కకు వచ్చాయి. స్టోరేజీ నుంచి తాకట్టు లెటరు అందలేదు. తనిఖీ రిపోర్టు జతచేశాను. ఈ రెండూ సరిచేసిన వెంటనే విడుదల చేస్తాను. ఇవి లేకుండానే విడుదల చేయాలన్నది మీ ఆదేశమైతే దయచేసి రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు.”

ఇందులో ‘మీరు తప్పు చేయమంటున్నారు’ అన్న ఆరోపణ ఎక్కడా లేదు. చేయనని కూడా లేదు, ఏది వస్తే చేస్తానో ఉంది. ఆరోపణ చేశారంటే మీ మీదే క్రమశిక్షణ చర్యకు దారి దొరుకుతుంది. దీనికి జవాబు రాకపోతే ఆ మౌనమే రేపు మీకు సాక్ష్యం.

కాపీ ఒకటి మీ దగ్గర ఉండాలి. రిలీవ్ అయిన గంటలో ఆఫీసు మెయిల్ లాగిన్ పోతుంది, ఇది చాలామందికి జరిగింది. అయితే కస్టమరు ఖాతా వివరాలు సొంత మెయిల్‌కు పంపుకోవద్దు. అది గోప్యత ఉల్లంఘన అవుతుంది, దాంతో అసలు కేసు పక్కకుపోయి మీరే ముద్దాయి అవుతారు. మెయిల్ తేదీ, సమయం, సబ్జెక్టు, ఎవరికి పంపారో డైరీలో రాసుకోండి. అసలు మెయిల్‌ను కోర్టు ద్వారా తెప్పించుకోవచ్చు.

ఫోన్ కాల్ రికార్డు చేశాను. అది సరిపోతుందా?

దాని మీదే ఆధారపడకండి. బదిలీని సవాలు చేస్తూ హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ అఫిడవిట్ల మీద, కాగితాల మీద నడుస్తుంది. గొంతు ఎవరిదో తేల్చే విచారణ అక్కడ జరగదు. ఉంచుకోండి, వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం తిప్పకండి.

ఉత్తర్వు వచ్చింది. జాయిన్ అవ్వకుండా పోరాడితే బాగుంటుందా?

వద్దు. ఇందులో మా అసోసియేషన్‌లోనే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, నా మాట మాత్రం ఇదే. 1989లో గుజరాత్ ఎలక్ట్రిసిటీ బోర్డు వర్సెస్ ఆత్మారామ్ పోషానీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ఇబ్బంది ఉంటే విన్నవించుకోండి, కానీ ఉత్తర్వును ఆపేదాకా, మార్చేదాకా, రద్దు చేసేదాకా వెళ్లి చేరాల్సిందే. ఆ కేసులో చేరకుండా కూర్చున్న ఉద్యోగి ఉద్యోగమే పోయింది, కోర్టు కాపాడలేదు.

మనవాళ్లలో ఒక అలవాటుంది. ఆర్డర్ రాగానే బీపీ అని, వెన్నునొప్పి అని మెడికల్ సర్టిఫికెట్ పెట్టి ఇంట్లో కూర్చోవడం. నిజంగా జబ్బుంటే సరే. లేకపోతే మెడికల్ బోర్డుకు పంపుతారు, సెలవు మంజూరు చేయరు, అనధికార గైర్హాజరు కింద చార్జ్‌షీట్ ఇస్తారు. శిక్షగా మొదలైన బదిలీకి వాళ్ల చేతికి మీరే న్యాయమైన కారణం అందించినట్టవుతుంది.

రిలీవ్ కాకముందే స్టే తెచ్చుకోగలిగితే అది వేరు. రిలీవింగ్ అదే సాయంత్రం అయ్యాక అది దాదాపు కుదరదు. జాయినింగ్ టైమ్ వాడుకుని వెళ్లి చేరండి, ‘నా అభ్యంతరాలకు, చట్టపరమైన హక్కులకు భంగం లేకుండా చేరుతున్నాను’ అని జాయినింగ్ రిపోర్టులోనే ఒక వాక్యం రాయండి. చేరినంత మాత్రాన కేసు పోదు.

ఉత్తర్వులో ఇంకో చోట చూసుకోండి: ‘సొంత అభ్యర్థన మేరకు’ అన్న మాట ఉందేమో. పొరపాటునైనా, కావాలనైనా అది పడితే బదిలీ ఖర్చులు, జాయినింగ్ టైమ్ పోతాయి, పైగా మీరే అడిగి వెళ్లినట్టు రికార్డు. ఉంటే ఆ రోజే ఖండిస్తూ రాయాలి.

పైవాళ్లకు ఇచ్చే విన్నపంలో, అంటే రిప్రజెంటేషన్‌లో ఏం రాయాలి?

రెండు పేజీలు మించకూడదు. తేదీల వరుస, పైన చెప్పిన సంకేతాలు, మార్చి 28 మెయిల్ కాపీ, ‘ఉత్తర్వును పునఃపరిశీలించండి’ అన్న కోరిక. బదిలీ చేసిన అధికారికంటే పైస్థాయికి, సరైన మార్గంలో పంపాలి.

నా దగ్గరికి వచ్చే డ్రాఫ్టుల్లో సగం చెడిపోయేది ఒకే చోట. మొదటి పేజీలో లోను సంగతి, రెండో పేజీలో అత్తగారి డయాలసిస్, పాప స్కూలు. చదివే అధికారి రెండో పేజీ పట్టుకుని ‘కుటుంబ కారణాలు పరిశీలించాం, వీలుపడదు’ అని ఒక్క వాక్యంలో తిరస్కరిస్తాడు. మొదటి పేజీకి జవాబే ఉండదు. కుటుంబ ఇబ్బందులు నిజమైనవే, కానీ వాటిని వేరే దరఖాస్తులో పెట్టండి.

కోర్టుకు వెళ్లాలంటే ఎక్కడికి?

బ్యాంకుల వాళ్లు, కేంద్ర ఉద్యోగుల సర్వీసు కేసులు వినే ట్రిబ్యునల్ అయిన క్యాట్ పరిధిలోకి తేని ప్రభుత్వ సంస్థల వాళ్లు రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద అమరావతిలోని ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు, నోటిఫై చేసిన సంస్థల వాళ్లు హైదరాబాద్‌లోని క్యాట్ బెంచికి. మీ సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి, తప్పు గడప తొక్కితే నెలలు పోతాయి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఒకప్పుడు ఉన్న రాష్ట్ర ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు, వాళ్లూ నేరుగా హైకోర్టుకే.

ఫలానా అధికారి నామీద కక్ష కట్టాడని నిరూపించాల్సిందేనా?

ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. దురుద్దేశంలో రెండు రకాలున్నాయి. మొదటిది వ్యక్తిగత కక్ష. ఇది చెప్పాలంటే ఆ అధికారిని పేరుతో ప్రతివాదిగా చేర్చాలి, ఎప్పుడు ఏమన్నాడో వివరాలతో చెప్పాలి, ఆయన కాదంటూ అఫిడవిట్ వేస్తాడు. రుజువు భారం మీదే, అదీ బరువైనది.

రెండోదాన్ని చట్టం దృష్టిలో దురుద్దేశం అంటారు. ఎవరి మనసులో ఏముందో తవ్వక్కర్లేదు. బదిలీకి అధికారం ఇచ్చింది పని సజావుగా నడవడానికి, దాన్ని వేరే పనికి వాడారని చూపిస్తే చాలు. సోమేశ్ తివారీ కేసులో (తీర్పు 2008 డిసెంబరు) సుప్రీంకోర్టు ఈ తేడా చూపించింది. ఆయన సెంట్రల్ ఎక్సైజ్ అధికారి, భోపాల్ నుంచి షిల్లాంగ్‌కు పంపారు. వెనక ఉన్నది ఒక ఆకాశరామన్న ఉత్తరం. శిక్షకు బదులుగా చేసిన బదిలీ పూర్తిగా చట్టవిరుద్ధమని కోర్టు దాన్ని కొట్టేసింది.

మన మేనేజరు కేసుకు మరీ దగ్గరగా ఉన్నది 2020 ఫిబ్రవరిలో వచ్చిన పంజాబ్ అండ్ సింధ్ బ్యాంకు కేసు. ఇండోర్‌లో స్కేల్ 4 అధికారిణి. మద్యం కాంట్రాక్టర్ల ఖాతాల్లో అవకతవకలున్నాయని పైకి రాశారు. ఆ కేసులో పైఅధికారి మీద లైంగిక వేధింపుల ఫిర్యాదు కూడా ఉంది. 2017 డిసెంబరులో జబల్‌పూర్ జిల్లాలోని ఒక బ్రాంచికి బదిలీ చేశారు, అది స్కేల్ 1 ఆఫీసరు ఉండాల్సిన చోటు. ఆమె బాధితురాలయ్యారని, బదిలీ చెల్లదని సుప్రీంకోర్టు హైకోర్టు తీర్పును సమర్థించింది. గమనించండి, అక్కడ బరువు తూగింది బదిలీకి ముందే ఆమె రాసిన ఉత్తరాలు, ఆ తర్వాత పంపిన కుర్చీ స్థాయి.

ఎదురు వాదన కూడా తెలిసి ఉండాలి. ‘ఆయన మీద ఫిర్యాదులున్నాయి, ఆఫీసు వాతావరణం చెడకుండా మార్చాం’ అంటే కోర్టులు తరచుగా ఒప్పుకుంటాయి. ఇలాంటి బదిలీకి ముందు పూర్తి విచారణ అక్కర్లేదని 2004లో జనార్దన్ దేబ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టే అంది. అందుకే కాదన్న తర్వాతి రోజుల్లో మీ మీద అకస్మాత్తుగా కస్టమరు ఫిర్యాదులు, మెమోలు మొదలైతే ఒక్కొక్కదానికీ గడువులోగా జవాబివ్వండి. జవాబివ్వని మెమో రేపు వాళ్లు కోర్టులో వేసే జవాబు అఫిడవిట్‌కు మొదటి అనుబంధం అవుతుంది.

ఆర్‌టీఐతో నోట్ ఫైల్ తెప్పించుకోవచ్చా?

తెప్పించుకోవచ్చు. కేంద్ర సంస్థలకు ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘నన్నెందుకు బదిలీ చేశారు’ అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తిప్పిపంపుతారు. కాగితాలు అడగండి: నా బదిలీ ప్రతిపాదన మొదలైన నోటు నుంచి ఆమోదం దాకా ఉన్న పేజీల కాపీలు, గత మూడేళ్లలో ఈ రీజియన్లో సాధారణ జాబితాకు బయట జరిగిన బదిలీల ఉత్తర్వులు, నేను చేరిన బ్రాంచిలో అంతకుముందు పనిచేసినవారి స్కేలు. ఈ మూడోది చిన్నగా కనిపిస్తుంది, కోర్టులో పెద్దగా పనికొస్తుంది. నోటులో ప్రతిపాదన మొదలైన తేదీ మార్చి 28 తర్వాత పడితే మీ వాదనకు ఎముక దొరికినట్టే. దానికోసం పిటిషన్ ఆపవద్దు, ఫైలు తెప్పించమని కోర్టునే అడగవచ్చు.

ఎమ్మెల్యే గారితోనో ఎంపీ గారితోనో లెటరు ఇప్పిస్తే?

పైవాళ్ల మీద రాజకీయ ఒత్తిడి తేవడం ప్రవర్తనా నిబంధనల ఉల్లంఘన. లెటరు వెళ్లినరోజే ఫైల్లో చేరుతుంది, మీకు మెమో వస్తుంది.

అసలు మోసం గురించి విజిలెన్స్‌కు రాస్తే రక్షణ ఉంటుందా?

2014లో చేసిన విజిల్ బ్లోయర్ల రక్షణ చట్టం ఇంతవరకు అమల్లోకి తేలేదు, దాన్ని నమ్ముకోవద్దు. కేంద్ర సంస్థలు, బ్యాంకుల వాళ్లకు 2004 నాటి తీర్మానం కింద కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేసే దారి ఉంది. సీల్ చేసిన కవరు మీద ప్రజాప్రయోజన ఫిర్యాదు అని రాసి పంపాలి, మీ పేరు వాళ్లు గుప్తంగా ఉంచుతారు, వేధిస్తే జోక్యం కోరవచ్చు. అదే ఫిర్యాదు కాపీ నలుగురికీ పంపితే గుప్తత అర్థం లేకుండా పోతుంది. బదిలీ పడ్డాక, దాన్ని ఆపడానికి ఇలా రాయడం పనిచేయదు. ఇది బదిలీకి విరుగుడు కాదు, అవినీతికి సంబంధించినది.

కాదన్నది లైంగికపరమైన కోరికను అయితే?

అది పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు వచ్చిన 2013 చట్టం పరిధి. అంతర్గత కమిటీకి మూడు నెలల్లోగా రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. విచారణ నడుస్తుండగా కమిటీ మిమ్మల్ని గానీ, అవతలి వ్యక్తిని గానీ మార్చమని సిఫారసు చేయవచ్చు, అదీ మీరు రాసి అడిగితేనే. మీరు అడగకుండా ‘మీ భద్రత కోసమే’ అని మిమ్మల్ని పంపేస్తే ఆ కాగితాన్ని కమిటీ ముందే పెట్టండి.

గెలిస్తే ఏమొస్తుంది?

అనుకున్నంత రాదు. ఇండోర్ కేసులో ఆ అధికారిణికి దక్కింది ఇండోర్‌లో ఏడాది పోస్టింగు, 50,000 రూపాయల ఖర్చులు. ఆ గడువు అయ్యాక మళ్లీ మామూలు బదిలీ నిబంధనలే. చాలా కేసుల్లో కోర్టు ఉత్తర్వును కొట్టేయకుండా ‘ఆయన విన్నపాన్ని ఇన్ని వారాల్లో కారణాలతో తేల్చండి’ అంటుంది. దాన్ని ఓటమి అనుకోవద్దు. మార్చి 28 నాటి మెయిల్‌కు యాజమాన్యం మొదటిసారి రాతలో జవాబు చెప్పాల్సివచ్చేది అక్కడే.

వెళ్లిపోయాను, కేసు వేయదలచుకోలేదు. ఇక గొడవ ముగిసినట్టేనా?

లేదు, మార్చి 31తో ముగిసిన ఏడాదికి మీ పనితీరు నివేదిక రాయాల్సింది ఆ ఫోన్ చేసిన అధికారే. బదిలీ మీద పడిన దృష్టి దీని మీద పడదు. మీ స్వీయ మదింపు గడువులోగా ఇచ్చి, ఇచ్చినట్టు రుజువు ఉంచుకోండి. నివేదికలోని ప్రతి గ్రేడింగునూ, ‘బాగుంది’ అన్నదాన్ని కూడా, ఉద్యోగికి తెలపాలని సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులో చెప్పింది. అందాక విన్నపానికి కేంద్ర ఉద్యోగులకైతే 15 రోజులే గడువు, బ్యాంకులకు వాటి వాటి సర్క్యులర్లు ఉంటాయి. గ్రేడు ఒక్కసారిగా పడిపోతే అంతకుముందు మూడేళ్ల నివేదికలు, మార్చి 28 మెయిలు జతచేసి రాయండి. వచ్చే ప్రమోషన్ ఇంటర్వ్యూలో బల్ల మీద ఉండేది ఆ నివేదికే, బదిలీ ఉత్తర్వు కాదు.